ఎనిమిది సిట్టింగుల లేజర్ ప్యాకేజీ, ఆరు నెలల గడువు: మూడు అయినంక ఆపితే ఎంత వాపసు ఇయ్యాలె?

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
హన్మకొండల ఒక చిన్న స్కిన్ క్లినిక్‌ల కౌంటర్ చూసుకుంట. ప్యాకేజీలు చెప్పేది, పైసలు తీసుకునేది, సంతకాలు పెట్టించేది అంతా నేనే. పోయిన ఆగస్టుల నర్సంపేట దిక్కు ఊరి నుంచి ఒకామె వచ్చి మొకం మీద వెంట్రుకలకు లేజర్ ప్యాకేజీ తీసుకున్నది. విడిగా అయితే సిట్టింగుకు 5,000. ఎనిమిది కలిపి తీసుకుంటే 28,000. మొత్తం ఒక్కసారే కట్టింది. మూడు సిట్టింగులు అయినయి. ఇప్పుడు కడుపుతోని ఉన్నది, మా డాక్టర్ మేడమే లేజర్ ఆపమన్నది.

ఆమె మిగిలిన పైసలు అడుగుతున్నది. ఫారం మీద "కట్టిన సొమ్ము వాపసు ఇవ్వబడదు, గడువు కట్టిన తేదీ నుంచి 6 నెలలు" అని ఉన్నది, కింద ఆమె సంతకం ఉన్నది. గడువు వచ్చే నెల నడిమిట్ల అయిపోతది. ఓనర్ సార్ ఏమంటడంటే, పైసలు లేవు, కావాలంటే అంత విలువకు క్రీములు, సన్‌స్క్రీన్ తీస్కపొమ్మను అని. సోమవారం మళ్ల వస్త అన్నది. ఆ సంతకం పెట్టించింది నేను. న్యాయంగ ఎంత ఇయ్యాలె, సార్‌కు ఎట్ల చెప్పాలె, తెలిసినోళ్లు చెప్పుండ్రి.

ఓరుగల్లు_పోరడు
అక్కా, చూడకుండ సంతకం ఎందుకు పెట్టినవ్? 28 వేలు ముందే ఎవరన్న కడ్తరా? పోయి గట్టిగ అడుగు, ఇయ్యకుంటే వీడియో తీసి పెట్టు.

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
నేను కట్టలేదు తమ్మీ, అమ్మినదాన్ని. కట్టినామె వేరే.

ఓరుగల్లు_పోరడు
సరే సరే, మళ్ల చదివిన. అయితే నువ్వు మంచిదానివే, అమ్మినోళ్లు ఇట్ల అడుగంగ ఎన్నడు చూడలే.

కాజీపేట_రైలు
కన్స్యూమర్ కోర్టుకు పోతే మొత్తం 28 వేలు వడ్డీతోని వస్తయి. "వాపసు లేదు" అని రాసుడే చట్టం ఒప్పుకోదు. 30 రోజుల్ల పైసలు ఇయ్యాలె అని కొత్త చట్టంల ఉన్నది. మీ సార్‌కు గదే చెప్పు, భయపడ్తడు.

సుబేదారి_వకీల్
కాజీపేట అన్న చెప్పింది సగం నిజం. 2019 వినియోగదారుల చట్టంలో 30 రోజుల మాట ఉంది. కానీ అది సేవలో లోపం ఉన్నప్పటి మాట. బిల్లులో గడువు రాయకపోతే, లోపం ఉన్న సేవను ఆపేసి 30 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వాలి, లేకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. ఇక్కడ లేజర్ సరిగ్గా చేయలేదని ఆమె అనడం లేదు కదా. మూడు సిట్టింగులు చేయించుకుంది కాబట్టి మొత్తం 28,000 రావు.

అలాగని ఓనర్ గారి మాటా నిలవదు. క్లినిక్ ఇంకా ఇవ్వని అయిదు సిట్టింగుల సొమ్ము ఏ లెక్కన ఉంచుకుంటుంది? 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, కాగితం మీద ఎంత రాసుకున్నా, సబబైన పరిహారం వరకే రాబట్టుకోవచ్చు. సంతకం ఉన్నంత మాత్రాన చెయ్యని పనికి పూర్తి డబ్బు ఉంచుకోవచ్చని కాదు.

ఒక ప్రశ్న. లేజర్ ఎన్ని వారాలకు ఒకసారి చేస్తున్నారు?

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
ఆమెకు ఆరు వారాలకు ఒకసారి అని మేడం రాసింది. కానీ రెండో సిట్టింగు అయినంక పత్తి ఏరే పనులకు పోయింది, మొకం బాగ నల్లబడ్డది. మూడోది చేద్దామని వస్తే మేడమే చెయ్యొద్దని మూడు వారాలు ఎనుకకు జరిపింది.

లెక్కల_సార్_జనగామ
ఇక్కడ ఆగండి. మీ ఫారం మీదనే లెక్క తప్పు ఉన్నది.

ఎనిమిది సిట్టింగుల నడుమ ఏడు ఎడాలు. ఆరు వారాల చొప్పున 42 వారాలు, అంటే దగ్గర దగ్గర పది నెలలు. మీ గడువు ఆరు నెలలు, అంటే 26 వారాలు. కట్టిన రోజే మొదటిది చేసినా, మిగిలినవి 6, 12, 18, 24 వారాలకు పడతాయి. మొత్తం అయిదు. ఒక్కరోజు ఆలస్యం కాకుండా, ఎండ తగలకుండా, బస్సు తప్పకుండా వచ్చినా ఆరోది గడువులో పడదు.

అంటే మీరు ఎనిమిది అమ్మి అయిదే ఇస్తున్నారు. 28,000ను 5తో భాగిస్తే సిట్టింగుకు 5,600. విడిగా చేయించుకుంటే 5,000. ప్యాకేజీ తీసుకున్నామె విడిగా కట్టినామె కంటే ఎక్కువ కట్టినట్టు.

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
సార్, రెండు సార్లు లెక్క చేసి చూసిన. రెండేండ్ల నుంచి ఇదే ఫారం మీద సంతకాలు పెట్టిస్తున్న. ఒక్కనాడు గిట్ల లెక్క కట్టలే. పాణం గడబిడ అయితున్నది.

పరకాల_పత్తి
నాలుగు వారాలకు ఒకసారి చేస్తే సరిపోతది కదా, మా మరదలికి గట్లనే చేసిండ్రు.

లెక్కల_సార్_జనగామ
నాలుగు వారాలైనా ఏడు ఎడాలకు 28 వారాలు. అదీ ఆరు నెలలు దాటుతుంది.

డాక్టరమ్మ_చర్మం
నేను చర్మవ్యాధుల డాక్టరునే, వరంగల్లోనే. మొహానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒంటికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎడం పెడతాం. గడువు కోసం దాన్ని దగ్గరికి జరపకూడదు. వెంట్రుక పెరిగే దశలో ఉన్నప్పుడే, కుదురులో రంగు ఉన్నప్పుడే లేజర్ వేడి దానికి తగులుతుంది. ఒక్కో విడతలో కొన్ని వెంట్రుకలే ఆ దశలో ఉంటాయి. మిగతావి మొలిచే వరకు ఆగాలి. తొందరపడి రెండు వారాలకే చేస్తే సిట్టింగు కార్డులో టిక్కు పడుతుంది, వెంట్రుకలు మాత్రం తగ్గవు. గడువు దగ్గర పడిందని గబగబా చేసేయమని అడిగేవాళ్లు నా దగ్గరికీ వస్తారు. చెయ్యను.

మొహం నల్లబడినప్పుడు ఆపడం సరైన పని. ఎండకు కమిలిన చర్మం వేడిని తనే లాక్కుంటుంది, బొబ్బలు, మచ్చలు పడతాయి. కానీ ఆ మూడు వారాలు ఆపింది మీ డాక్టరు. దాన్ని ఆమె గడువులోంచి కొయ్యడం అన్యాయం.

ఇక కడుపుతో ఉన్నప్పుడు లేజర్ హాని చేస్తుందని రుజువై కాదు, భద్రమని చెప్పేంత సమాచారం లేక ఆపుతాం. ఆ నెలల్లో హార్మోన్ల వల్ల కొత్త వెంట్రుకలూ వస్తాయి. కాన్పు అయ్యాక అవి కొంత తగ్గుతాయి, ఎంత మిగిలాయో చూసి మొదలుపెట్టాలి. అంటే ఆమెకు ఏడాదికి తక్కువ కాకుండా విరామం కావాలి. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందా అని మొదట్లో అడిగారా?

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
లేదు మేడం. నెలసరి సక్రమంగనే ఉన్నదని కార్డు మీద ఉన్నది.

డాక్టరమ్మ_చర్మం
సరే. పీసీఓఎస్ ఉంటే మొహం మీద వెంట్రుకలు మళ్లీ మళ్లీ వస్తాయి, ఎనిమిదితో అయిపోదు. వాళ్లకు "శాశ్వతంగా పోతాయి" అని చెప్పి ప్యాకేజీ అమ్మితే గొడవ అక్కడే మొదలవుతుంది. తగ్గుతాయి అనాలి, పోతాయి అనకూడదు.

కరీంనగర్_క్లినిక్_ఓనర్
నాది కరీంనగర్ల చిన్న సెంటర్. ఓనర్ల దిక్కు నుంచి కూడ ఒక మాట వినుండ్రి. లేజర్ మిషన్ లక్షల్ల ఉంటది, దానికి బ్యాంకు కిస్తీ. హ్యాండ్‌పీస్‌కు ఇన్ని షాట్లు అని లెక్క, అయిపోతే మార్చాలె. ప్యాకేజీ పైసలు ముందే రాకుంటే నెల గడవదు. డిస్కౌంట్ ఇచ్చేది ఎనిమిది చేయించుకుంటరనే. మూడు చేయించుకుని డిస్కౌంట్ రేటే ఇయ్యమంటే నేను మునుగుత.

నేను చేసే లెక్క ఇది. మధ్యల ఆపితే, అయిన సిట్టింగులకు విడి రేటు పట్టుకుని మిగిలింది ఇస్త. ఈమె లెక్కన మూడుకు 15,000 పోను 13,000. ఇది ఫారం మీద పెద్ద అక్షరాల రాసి, పైసలు తీసుకునే ముందే సదివి వినిపిస్త.

లెక్కల_సార్_జనగామ
ప్యాకేజీ రేటుతో చూస్తే సిట్టింగుకు 3,500. మూడుకు 10,500 పోను 17,500 రావాలి. మీ పద్ధతికీ దీనికీ తేడా 4,500. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. మీ పద్ధతిలో అయిదు అయ్యాక ఆపితే 3,000 వస్తాయి. ఆరు అయ్యాక విడి రేటు 30,000 అవుతుంది, కట్టిన దానికంటే ఎక్కువ. అంటే ఆరో సిట్టింగు దాటినామెకు ఏమీ రాదు, ఇంకా రెండు మిగిలి ఉన్నా సరే. ఇది చదివి వినిపిస్తున్నారా?

కరీంనగర్_క్లినిక్_ఓనర్
వినిపిస్త సార్. ఆరు దాటినంక పైసలు ఉండవు, కానీ ఆ రెండు సిట్టింగులు ఎన్నడొచ్చినా చేస్త. గడువు పెట్ట. ఎన్నడొచ్చినా మిషన్ మీద అరగంట పని, అంతే.

ఇంకోటి కూడ చెప్త. మనసు మారి ఆపితే విడి రేటు. రోగం, కడుపు, మా డాక్టర్ వద్దనుడు, మా మిషన్ కరాబ్, ఇసొంటివైతే ప్యాకేజీ రేటే పట్టుకుంట. ఎందుకంటే వాళ్ల తప్పు లేదు. డెస్క్ అక్క చెప్పిన కేసు ఇదే. నేనైతే 17,500 ఇస్త.

కాజీపేట_రైలు
మంచోడివి అన్నా. మా దిక్కు ఒక్కడు గిట్ల లేడు.

మంచిర్యాల_గని
హెయిర్ ప్యాకేజీ గురించి కూడ చెప్పుండ్రి. మా అక్క కొడుకు జుట్టు రాలుతున్నదని ఒక పెద్ద సెంటర్ల, మన రక్తంలకెళ్లే తీసిన ద్రవం తలకు సూదులతోని ఎక్కించే పీఆర్పీ ప్యాకేజీ తీసుకున్నడు. ఆరు సిట్టింగులు, 60,000. చేతిల పైసలు లేవంటే అక్కడికక్కడే ఫోన్ల లోన్ ఇప్పించిండ్రు, నెలకు 5,000, పన్నెండు నెలలు. వడ్డీ లేదన్నరు. రెండు సిట్టింగులు అయినంక ఆ బ్రాంచి మూసేసిండ్రు. షట్టర్‌కు తాళం, ఫోన్ ఎత్తరు. కిస్తీ మాత్రం నెల నెల పోతున్నది. పోరడు బ్యాంకుల పైసలు ఉంచకుండ ఆపుదామంటున్నడు. ఆపొచ్చా?

సుబేదారి_వకీల్
ఊరికే ఆపొద్దు. లోన్ ఇచ్చిన కంపెనీ మొత్తం సొమ్ము ముందే సెంటర్‌కు ఇచ్చేసి ఉంటుంది. కాగితం ప్రకారం మీవాడు బాకీ ఉన్నది ఆ కంపెనీకి, సెంటర్‌కు కాదు. చెప్పకుండా ఆపితే చెక్ బౌన్స్ చార్జీల లాంటివి పడతాయి, సిబిల్ స్కోరు పోతుంది. ముందు కంపెనీకి మెయిల్ పెట్టండి. బ్రాంచి మూసిన ఫోటో, రెండు సిట్టింగుల రుజువు, బిల్లు జతచేసి, మిగిలిన నాలుగు సిట్టింగుల మేరకు లోన్ రద్దు చేసి సెంటర్ నుంచి మీరు వసూలు చేసుకోండని రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. వినియోగదారుల కమిషన్లో వేసేటప్పుడు సెంటర్‌ను, లోన్ కంపెనీని ఇద్దరినీ చేర్చండి. అంతా వస్తుందని మాట ఇవ్వలేను. మూసేసిన సెంటర్ మీద ఆర్డరు వచ్చినా వసూలు కష్టమే.

మంచిర్యాల_గని
కిస్తీలు కట్టుకుంటనే కొట్లాడాలన్నట్టు.

సుబేదారి_వకీల్
ప్రస్తుతానికి అంతే.

డాక్టరమ్మ_చర్మం
మంచిర్యాల అన్నా, పీఆర్పీ మామూలుగా నెలకొకటి చొప్పున మూడు నాలుగు చేసి, ఫలితం చూసి ముందుకు పోతాం. ఫలితం చూడకముందే ఆరుకు లోన్ ఇప్పించడం నాకు నచ్చదు. ఎవరైనా మొదట మూడింటికే కట్టండి.

తలకట్టు_జగిత్యాల
నాకు కూడ జుట్టు రాలుతున్నది. ఉల్లిగడ్డ రసం పెడితే తగ్గుతదా?

పరకాల_పత్తి
దానికి వేరే పోస్టు పెట్టు అన్నా, ఇక్కడ పైసల ముచ్చట నడుస్తున్నది.

కాజీపేట_రైలు
వకీల్ సాబ్, డెస్క్ అక్క కేసుల ఆరు నెలల గడువు మీద మన జిల్లా కమిషన్‌కు పోవచ్చా?

సుబేదారి_వకీల్
ఆ గడువు పదం ఏకపక్షమని, ఆ ఒప్పందమే అన్యాయమని కొట్టేయించాలంటే జిల్లా కమిషన్ కుదరదు, ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌ది. కానీ "ఎనిమిది అమ్మి అయిదే పట్టే గడువు పెట్టారు" అన్నది సేవలో లోపంగా, అనుచిత వ్యాపార పద్ధతిగా జిల్లాలోనే వేయొచ్చు. లెక్కల సార్ కట్టిన 5,600 లెక్క ఆ ఫిర్యాదులో మొదటి పేరాలో పెట్టదగ్గది. ఆమె ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే వాళ్లు క్లినిక్‌తో మాట్లాడతారు. ఆర్డరు మాత్రం వేయలేరు.

డెస్క్ గారూ, మీ ఓనర్‌కు ఒక్కటే చెప్పండి. ఆ ఫారం కమిషన్ ముందుకు పోతే ఆమె ఒక్కదాని కేసుగా ఉండదు. రెండేళ్లుగా సంతకం పెట్టిన ప్రతి ఒక్కరూ అదే అడగొచ్చు.

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
ఇయ్యాల కార్డు, రిజిస్టర్ ముందల పెట్టుకుని చూసిన. ఇంకో తేడా దొరికింది. రిజిస్టర్ల ఆమె పేరు మీద నాలుగు టిక్కులు ఉన్నయి. కార్డు మీద మూడే. తేదీలు పోల్చి చూస్తే మొదటి టిక్కు ప్యాచ్ టెస్ట్ రోజుది. దవడ కింద గోరంత జాగల రెండు షాట్లు కొట్టి చూసిన రోజు. దాన్ని కూడ సిట్టింగు లెక్కల వేసిండ్రు. ఆ గడిల ఆమె సంతకం లేదు, లేజర్ బలం ఎన్ని జూల్స్ పెట్టిండ్రో లేదు. మిగిలిన మూడింటికి సంతకం, జూల్స్, మేడం పొట్టి సంతకం అన్ని ఉన్నయి.

కరీంనగర్_క్లినిక్_ఓనర్
అక్కా, ఆ టిక్కు ఇప్పుడే కొట్టెయ్యి, పక్కన కారణం, తేదీ రాసి సంతకం పెట్టు. తుడవకు. సంతకం లేని గడిని సిట్టింగు అని ఎవరూ నమ్మరు. మేం ప్రతి సిట్టింగు తర్వాత "మూడు అయినయి, అయిదు ఉన్నయి" అని ఆమె ఫోన్‌కు వాట్సాప్ కొడ్తం. రెండు దిక్కుల లెక్క ఒక్కటే ఉంటది.

ఇంకో మాట మీ సార్‌కు చెప్పు. ప్యాకేజీ పైసలు కట్టిన రోజే ఆమ్దానీ కాదు, అది మన మీద అప్పు. నేను మొదట్ల 28 వేలు వస్తే 28 వేలు కిరాయిలు, జీతాలకు వాడిన. ఒక నెల ముగ్గురు వాపసు అడిగితే ఇంట్లోకెళ్లి తెచ్చి ఇచ్చిన. ఇప్పుడు వేరే ఖాతాల వేస్త. సిట్టింగు అయిన రోజు 3,500 ఇవతలి ఖాతాకు తీసుకుంట. ఎవరొచ్చి వాపసు అడిగినా భయం లేదు. వాపసు ఇయ్యకపోవుటానికి సగం కారణం మొండితనం కాదు, గల్లాల పైసలు లేకపోవుడు.

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
మా దగ్గర కూడ అదే అయితున్నది అన్నా. సార్ ఇంకో మాట అంటున్నడు, ఆ పైసల మీద జీఎస్టీ కట్టేసినం, అది ఎవరిస్తరు అని.

కరీంనగర్_క్లినిక్_ఓనర్
అది సాకు. చెయ్యని సేవకు తీసుకున్న అడ్వాన్స్ వాపసు ఇస్తే రిఫండ్ వోచర్ రాయొచ్చు, పూర్తి బిల్లు కొట్టి ఉంటే క్రెడిట్ నోట్. పన్ను సర్దుబాటు అయితది. మీ ఆడిటర్‌ను అడగమను. క్రెడిట్ నోట్‌కు గడువు ఉంటది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు.

నీకు ఇన్సెంటివ్ ఎప్పుడిస్తరు, ప్యాకేజీ అమ్మిన రోజా?

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
అవును, కట్టిన సొమ్ములకెళ్లి నూటికి రెండు. ఎనిమిది అమ్మితేనే. నాలుగు అమ్మితే రాదు.

డాక్టరమ్మ_చర్మం
అందుకే ఎనిమిది అవసరం లేనివాళ్లకూ ఎనిమిది అంటగడతారు. మీ మీద కోపం కాదు, ఆ పద్ధతి మీద.

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
తెలుసు మేడం. ఈమెకు నాలుగు తీసుకుని చూడమని చెప్పాల్సి ఉండె. చెప్పలేదు.

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
సోమవారం ముచ్చట చెప్త. సార్ ముందల 42 వారాల లెక్క కాగితం మీద వేసి పెట్టిన. చాలాసేపు మాట్లాడలే. తర్వాత రెండు మాటలన్నడు. పైసలు కావాలంటే 13,000 చెక్కు. లేకుంటే మిగిలిన అయిదు సిట్టింగులు ఆపి పెట్టి, కాన్పు అయినంక రెండేండ్లల ఎన్నడన్న చేస్తం అని రాసిస్త. 17,500కు మాత్రం ఒప్పుకోలే.

ఆమె అత్తతోని వచ్చింది. అత్త "పైసలే తీసుకో, పసిపిల్లతోని మళ్ల ఈడికి ఎవరు తిరుగుతరు" అన్నది. 13,000 చెక్కు తీసుకున్నది. సార్ "మొత్తం లెక్క ముగిసింది" అని రాసిన కాగితం మీద సంతకం అడిగితే నేనే ఆపిన. "13,000 ముట్టినయి" అని మాత్రమే రాయించిన. 4,500 గురించి ఆమె మొగడు మళ్ల మాట్లాడ్తడట.

సుబేదారి_వకీల్
ఆ కాగితం ఆపడం చాలా మంచి పని. "ముగిసింది" అని సంతకం పెడితే తర్వాత ఆ 4,500 అడగడం కష్టమయ్యేది.

కాజీపేట_రైలు
కొత్త ఫారం ఏం చేసిండ్రు?

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
రాత్రి కూసుండి రాసిన, సార్ ఇంకా సంతకం పెట్టలే. ఇట్ల ఉన్నది: "గడువు 18 నెలలు, మొదటి సిట్టింగు రోజు నుంచి. డాక్టర్ ఆపిన రోజులు, మిషన్ పని చేయని రోజులు గడువులో లెక్కకు రావు. గర్భం, అనారోగ్యం వల్ల ఆపితే ప్యాకేజీ రేటు లెక్కన, ఇతర కారణాలతో ఆపితే విడి రేటు లెక్కన మిగిలిన సొమ్ము 15 రోజుల్లో వాపసు. ప్యాచ్ టెస్ట్ సిట్టింగు కాదు."

లెక్కల_సార్_జనగామ
విడి రేటు అన్నచోట అంకె రాయండి, కట్టిన రోజు రేటు అని. లేకపోతే వాపసు అడిగిన రోజుకు 5,000 కాస్తా 7,000 అవుతుంది.

పరకాల_పత్తి
ఆరు సిట్టింగులు దాటినోళ్ల సంగతి కూడ రాయక్కా. కరీంనగర్ అన్న చెప్పినట్టు, మిగిలినవి గడువు లేకుండ చేస్తం అని.

ఫ్రంట్_డెస్క్_హన్మకొండ
రేటు అంకె ఇప్పుడే రాసిన. గడువు లేకుండ అన్నదానికి సార్ ఒప్పుకుంటడో లేదో, రేపు అడుగుత.